షామ్‌బర్గ్‌లో చిన్న దుకాణం ప్రకటన ఖర్చు: గిరాకీ ఏ దారిన వచ్చిందో తేల్చడం

షికాగోకు వాయవ్యాన ఉన్న షామ్‌బర్గ్ 1956లో విలేజ్‌గా ఏర్పడింది. 1971లో వుడ్‌ఫీల్డ్ మాల్ తెరిచాక ఆ ప్రాంతానికంతటికీ కొనుగోళ్ల కేంద్రమైంది. 2020 జనగణన ప్రకారం ఇక్కడి జనాభా సుమారు 79 వేలు. గోల్ఫ్ రోడ్డు, రోజెల్ రోడ్డు, హిగ్గిన్స్ రోడ్డు వెంట వరుసగా ఉన్న దుకాణ సముదాయాల్లో భారతీయ సరుకుల కొట్లు, టిఫిన్ సెంటర్లు, నాట్య తరగతులు, పన్ను లెక్కల ఆఫీసులు కనిపిస్తాయి. హాఫ్‌మన్ ఎస్టేట్స్, రోజెల్, హానోవర్ పార్క్, పాలటైన్ ఊళ్లు ఆనుకునే ఉంటాయి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే నేపర్‌విల్, అరోరాలు దక్షిణాన కారులో అరగంటకు పైన. దోసె కోసం అంత దూరం నుంచి ఎవరూ రారు గాని, పుట్టినరోజుకు బిర్యానీ ట్రేలు కావాలంటే వస్తారు. స్థానిక ప్రకటన లెక్కలో మొదట గుర్తించవలసింది ఈ తేడానే. ఒకే వంటగదికి రెండు వేర్వేరు ఊళ్ల గిరాకీ ఉంటుంది, రెండింటికీ పెట్టదగిన ఖర్చు వేరు.

ఈ వ్యాసానికి ఉదాహరణగా షామ్‌బర్గ్‌లో ఒక టిఫిన్, కేటరింగ్ దుకాణాన్ని ఊహించుకుందాం. అంకెలన్నీ లెక్క చూపించడానికి వేసుకున్నవే. పద్ధతి మాత్రం నాట్య తరగతికైనా, పన్నుల ఆఫీసుకైనా ఇదే.

బడ్జెట్ ఎక్కడ మొదలవుతుంది

అమ్మకాల్లో ఇంత శాతం ప్రకటనలకు పెట్టాలని వ్యాపార సలహా పుస్తకాల్లో ఒక వాడుక సూత్రం ఉంది. చిన్న దుకాణానికి అది పెద్దగా పనికిరాదు. కొత్తగా తెరిచిన కొట్టుకు అమ్మకాలే ఉండవు, పాత కొట్టుకు ప్రకటనే అక్కర్లేకపోవచ్చు. కొత్త కుటుంబం ఒకటి రావడానికి ఎంత వరకు పెట్టవచ్చో ముందు తేల్చుకుని అక్కడి నుంచి పైకి లెక్కగట్టడం మేలు.

మన దుకాణంలో ఒక కుటుంబం సగటున 40 డాలర్ల టిఫిన్లు, కూరలు తీసుకెళ్తుందనుకుందాం. సరుకులు, డబ్బాలు, కార్డు రుసుము, ఆ వంటకు అదనంగా పెట్టిన పనివాళ్ల గంటలు తీసేస్తే 20 మిగులుతుంది. అద్దె ఇందులోకి రాదు, ఎవరూ రాకపోయినా అది కట్టవలసిందే కదా. పాత బిల్లులు తిరగేస్తే కొత్తవాళ్లు ఆరు నెలల్లో సగటున మూడుసార్లు వస్తున్నట్టు తేలింది. అంటే ఒక కొత్త కుటుంబం తెచ్చేది 60 డాలర్లు. అందులో సగానికి మించి ప్రకటనకు పోకూడదని యజమాని గీత గీసుకుంటే ఒక్కో కుటుంబానికి హద్దు 30 డాలర్లు. ట్రేల ఆర్డరు సంగతి వేరు. ఒక్కసారే వచ్చినా 250 డాలర్ల బిల్లులో 100 మిగులుతుంది కాబట్టి అక్కడ హద్దు 50.

రెండో అంకె వంటగది సామర్థ్యం. శని, ఆదివారాల్లో పొయ్యి మీద ఖాళీ ఎంత ఉందో చూసుకోకుండా గిరాకీని పిలిస్తే గంటసేపు నిలబడ్డ కొత్తవాళ్లు గూగుల్‌లో ఒక్క నక్షత్రం ఇచ్చి పోతారు. ఈ మూడు నెలల్లో 40 కొత్త కుటుంబాలకు మించి తట్టుకోలేమనుకుంటే, నలభై ముప్ఫైలు 1,200 డాలర్లు. త్రైమాసికానికి బడ్జెట్ అదే. దీన్ని ఆరు చోట్ల రెండేసి వందలుగా చల్లితే ఏదీ పని చేయదు, చేసినా తెలియదు. మూడు దారులు చాలు.

మన దుకాణం 640 డాలర్లు తపాలా కార్డులకు, 360 గూగుల్ వెతుకులాట ప్రకటనకు, 200 తెలుగు సంఘం ఉగాది వేడుకలో స్టాలుకు కేటాయించింది. వాట్సాప్ గ్రూపులకు డబ్బు కట్టనక్కర్లేదు. శుక్రవారం మెనూ టైపు చేసి పంపేవారి గంటలు మాత్రం పోతాయి.

గుర్తులు పెట్టడం

వచ్చిన గిరాకీ ఏ ప్రకటనదో తెలియడానికి ప్రతి ప్రకటన మీదా వేరే గుర్తు పెట్టడం వందేళ్లకు పైబడిన పద్ధతి. షికాగోలో మాంట్గమరీ వార్డ్ 1872లో తపాలా ద్వారా అమ్మకం మొదలుపెట్టింది, తర్వాత సియర్స్ అదే దారి పట్టింది. తపాలా వ్యాపారులు ఒక్కో పత్రికలో వేసిన ప్రకటనకు ఒక్కో విభాగం సంఖ్య ముద్రించేవారు. ఉత్తరం ఏ విభాగం పేరిట వస్తే ఆ పత్రిక పని చేసినట్టు. షికాగోలోని లార్డ్ అండ్ థామస్ ఏజెన్సీలో పని చేసిన క్లాడ్ హాప్కిన్స్ 1923లో అచ్చు వేసిన ‘సైంటిఫిక్ అడ్వర్టైజింగ్’ పుస్తకానికి ఈ కూపన్ల లెక్కే పునాది.

ఇప్పుడు ఆ విభాగం సంఖ్య స్థానంలో లింకు వచ్చింది. కార్డు మీది క్యూఆర్ కోడ్‌కు ఒకటి, ఉగాది స్టాలు బోర్డుకు ఇంకొకటి పెడితే వెబ్‌సైటు లెక్కల్లో విడివిడిగా పడతాయి. మనవాళ్లు వెబ్‌సైటు తెరవడం కంటే వాట్సాప్‌లో అడగడమే ఎక్కువ కాబట్టి, ముందే మాట నింపి ఉన్న వాట్సాప్ లింకు ఇంకా బాగా పని చేస్తుంది. నొక్కినవారి తెరమీద ఆ మాట సిద్ధంగా ఉంటుంది, పంపితే చాలు.

```
https://example.com/menu?utm_source=card&utm_medium=mail&utm_campaign=ugadi
https://wa.me/18475550100?text=Ugadi%20stall%20menu
```

ఫోన్లకు కూడా దారికో నంబరు అద్దెకు తీసుకుని అసలు నంబరుకు మళ్లించుకోవచ్చు. ఇలాంటి సేవలు చాలావాటిలో కాల్ రికార్డు చేసే మీట కూడా ఉంటుంది. ఇలినాయ్‌లో ఆంతరంగిక సంభాషణను రికార్డు చేయాలంటే మాట్లాడేవాళ్లందరి సమ్మతీ కావాలి. 2014లో రాష్ట్ర సుప్రీంకోర్టు పాత చట్టాన్ని కొట్టివేసినా, అదే ఏడాది తిరగరాసిన చట్టంలో ఈ నియమం నిలిచింది. కాబట్టి రికార్డు మీట ఆపేయడమో, కాల్ మొదట్లో చెప్పడమో చేయాలి. ఏ నంబరుకు ఎప్పుడు ఎవరు చేశారన్న లెక్కకు రికార్డు అవసరం లేదు.

గుర్తులన్నిటికంటే చవకైనది, చెడిపోవడానికి తేలికైనది గల్లా దగ్గర అడిగే ప్రశ్న. ‘గూగులా, ఫేస్‌బుక్కా, ఫ్రెండ్సా?’ అని అడిగితే మొదట విన్నదానికే తలూపుతారు. ‘మా గురించి మొదట ఎక్కడ విన్నారండీ?’ అని ఖాళీగా అడిగి, వాళ్లన్న మాటే రాసుకోవాలి. ఫోన్ నంబరు చూసి కొత్తవాళ్లనే అడగాలి. మధ్యాహ్నం రద్దీలో కౌంటరు మీద ఉన్న అబ్బాయి అందరినీ ‘ఇతరం’లో పడేస్తాడు. వారానికోసారి చిట్టా తిరగేస్తే ఆ సంగతి ఇట్టే బయటపడుతుంది. ఇంకొక పరీక్ష కూడా ఉంది. దుకాణం ఎన్నడూ వాడని రేడియోను ఎంతమంది చెప్పారో చూడాలి. నలభై మందిలో ముగ్గురు రేడియో అంటే, ఏ దారికైనా ముగ్గురు నలుగురు తప్పు జ్ఞాపకం వల్లే వస్తారని తెలుస్తుంది.

తపాలా కార్డులు

అమెరికా తపాలా శాఖ 2011లో ‘ఎవ్రీ డోర్ డైరెక్ట్ మెయిల్’ అనే సేవ తెచ్చింది. పేర్లు, చిరునామాలు అక్కర్లేదు. తపాలా శాఖ మ్యాపులో ఒక్కో పోస్ట్‌మ్యాన్ తిరిగే రూటును ఎంచుకుంటే ఆ రూటులోని ప్రతి ఇంటికీ కార్డు చేరుతుంది. రూటుకు సాధారణంగా కొన్ని వందల ఇళ్లు. చిన్న వ్యాపారుల రకంలో ఒక జిప్ కోడ్‌కు రోజుకు 200 నుంచి 5,000 వరకు కార్డులు ఇవ్వవచ్చు. యాభై నుంచి వంద చొప్పున కట్టలు కట్టి, పైన రూటు చీటీ పెట్టి, ఆ రూటు పంపిణీ చేసే పోస్టాఫీసులో అప్పజెప్పాలి. 2025 నాటికి తపాలా ఖర్చు కార్డుకు పావు డాలరుకు కాస్త అటూ ఇటూగా ఉంది, ముద్రణ వేరే.

ఈ ఖర్చు చూసి కొందరు సొంతంగా డబ్బాల్లో కరపత్రాలు వేస్తారు. అది ఫెడరల్ చట్ట విరుద్ధం. ఇంటి తపాలా డబ్బాలో స్టాంపు లేని కాగితం వేయకూడదు, జరిమానా పడుతుంది. తలుపు గొళ్లానికి తగిలించడం వేరు సంగతి, దానికి విలేజ్ హాల్‌లో స్థానిక నియమాలు కనుక్కోవాలి.

రూటును వయసు, ఆదాయం, కుటుంబ పరిమాణం చూసి ఎంచుకోవచ్చు గాని, తెలుగు ఇళ్లను ఏరుకోవడం కుదరదు. కాబట్టి గోంగూర పచ్చడి అని పెద్దక్షరాల్లో వేసిన కార్డు చాలా ఇళ్లలో నేరుగా చెత్తబుట్టకు పోతుంది.

మన దుకాణం ఒక్కోటి దాదాపు 400 ఇళ్లున్న ఎనిమిది రూట్లను, దుకాణానికి ఇంచుమించు సమాన దూరంలో ఉన్నవాటిని ఎంచుకుంది. చీటీలు వేసి నాలుగు రూట్లకు మాత్రమే కార్డులు పంపింది. 1,600 కార్డులకు తపాలా, ముద్రణ కలిపి 40 సెంట్ల చొప్పున 640 డాలర్లు. మిగిలిన నాలుగు రూట్లను కావాలనే వదిలేసింది. ఈ వ్యాసంలో గుర్తుంచుకోదగ్గది ఈ ఒక్క పనే. కార్డు పట్టుకుని వచ్చినవాళ్లను లెక్కపెడితే తక్కువ తేలుతుంది, కార్డు చూసి దాన్ని ఇంట్లోనే పారేసి వచ్చేవాళ్లే ఎక్కువ. కార్డు వెళ్లిన రూట్ల నుంచి వచ్చిన కొత్తవాళ్లందరినీ కార్డు ఖాతాలో వేస్తే ఎక్కువ తేలుతుంది, ఎలాగూ వచ్చేవాళ్లు అందులో కలిసిపోతారు. పంపని రూట్లే అసలు కొలబద్ద.

ఎనిమిది వారాలపాటు కొత్తవాళ్లను వీధి పేరు అడిగి, మ్యాపుతో సరిచూశారు. కార్డు వెళ్లిన రూట్ల నుంచి 21 కుటుంబాలు, వెళ్లని రూట్ల నుంచి 9. కూపను చింపి ఇచ్చినవాళ్లు 7. కూపన్ల లెక్కన ఒక్కో కుటుంబానికి 91 డాలర్లు, 21 మందినీ కలుపుకుంటే 30. అసలు అదనంగా వచ్చినవి 12 కుటుంబాలు కాబట్టి ఒక్కోదానికి 53 డాలర్లు.

అంత చిన్న అంకెల్లో యాదృచ్ఛికం ఎంత ఉండవచ్చన్నది తర్వాతి ప్రశ్న. దీనికి కాగితం మీద వేసుకునే ఒక ఉజ్జాయింపు ఉంది. రెండు లెక్కలనూ కూడి వర్గమూలం తీసి రెట్టింపు చేయాలి. 21, 9 కలిపితే 30. దాని వర్గమూలం సుమారు అయిదున్నర, రెట్టింపు 11. అంటే కార్డు తెచ్చిన అదనం 12 అని కనిపించినా, నిజానికి 1 నుంచి 23 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. ఇంత వెడల్పైన జవాబు చూస్తే విసుగేస్తుంది గాని, ఇక్కడ అది సరిపోయింది. అదృష్టం పూర్తిగా కలిసొచ్చి 23 కుటుంబాలు కార్డు వల్లే వచ్చాయనుకున్నా ఒక్కోదానికి దాదాపు 28 డాలర్లు, హద్దుకు అంగుళం లోపల. మిగతా దాదాపు అన్ని అంచనాల్లోనూ హద్దు దాటుతోంది. ఈ కార్డు ఈ ధరకు గిట్టదు.

అంకెలు 6, 3గా వచ్చి ఉంటే ఏదీ చెప్పలేకపోయేవాళ్లం. తేడా 3, ఊగిసలాట 6. నెలకు పదిమంది కొత్తవాళ్లు కూడా రాని ఆఫీసులు రూట్ల పరీక్షను ఒక్కసారి చేసి తీర్పు చెప్పకూడదు, రెండు మూడు విడతలు కూడాలి.

గూగుల్ చెప్పే లెక్క

గూగుల్ ప్రకటనలో స్థలం ఎంచుకునేటప్పుడు తానుగా టిక్ అయి ఉండేది `Presence or interest`. అలా వదిలేస్తే షామ్‌బర్గ్ మీద ఆసక్తి చూపిన వేరే ఊరివాళ్లకూ, చివరికి ఇక్కడికి మారబోతూ హైదరాబాద్‌లో కూర్చుని వెతికేవాళ్లకూ ప్రకటన కనిపించవచ్చు. దుకాణానికి కావలసింది `Presence`. తర్వాత టిఫిన్లకు అయిదు మైళ్లు, ట్రేలకు నేపర్‌విల్ దాకా అని రెండు ప్రచారాలుగా విడగొట్టాలి.

రెండు నెలలకు రోజుకు 6 డాలర్ల చొప్పున 360 ఖర్చయింది. తెరమీద గూగుల్ 30 ఫలితాలు చూపించింది, అంటే ఫోన్లు, దారి అడిగిన నొక్కుళ్లు. ఒక్కోటి 12 డాలర్లే. ఇక్కడే చాలామంది బడ్జెట్ అంతా గూగుల్‌కు మార్చేస్తారు.

`Search terms` నివేదిక తెరిస్తే 13 మంది దుకాణం పేరే టైపు చేశారు. పేరు తెలిసినవాళ్లు ప్రకటన లేకపోయినా కింది వరుసలో ఉన్న ఉచిత లింకునో, మ్యాపునో నొక్కేవాళ్లు. ఈబే సంస్థ 2012లో తన పేరు మీది వెతుకులాట ప్రకటనలను ఆపి చూస్తే, ఆ నొక్కుళ్లు దాదాపుగా అన్నీ ఉచిత ఫలితాల గుండా వచ్చేశాయి. బ్లేక్, నోస్కో, తడేలిస్ ఆ పరీక్షను 2015లో ‘ఎకనోమెట్రికా’ పత్రికలో ప్రచురించారు. ఈబే పేరు అందరికీ తెలుసు, మన దుకాణం పేరు తెలియదు, ఆ తేడా ఉంది. అయినా పేరు టైపు చేసినవాడికి పేరు తెలుసు కదా. బహుశా తపాలా కార్డు చూసో, వాట్సాప్‌లో ఎవరో చెప్పగానో వెతికి ఉంటాడు. కార్డు పడిన కష్టానికి గూగుల్ పేరు కొట్టేస్తుంది.

మిగిలిన 17లో అయిదు ఫోన్లు పాత ఖాతాదారులవి, మూసే వేళ అడగడానికి చేసినవి. కొత్తవి 12, వాటిలో కొన్నవాళ్లు 8 మంది, అందులో ఇద్దరివి ట్రేల ఆర్డర్లు. పేరు నొక్కుళ్లకు పోయిన 90 డాలర్లు తీసేస్తే ఖర్చు 270. ఆరు కుటుంబాలకు ముప్ఫై చొప్పున 180, ట్రేలకు యాభై చొప్పున 100, మొత్తం హద్దు 280. బొటాబొటిగా గట్టెక్కింది. 12 డాలర్ల ఫలితం 34 డాలర్ల ఖాతాదారు అయినా, ట్రేల పుణ్యమా అని దారి నిలిచింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల్లో ఈ జాగ్రత్త ఇంకా కావాలి. అక్కడి మామూలు అమరికలో ప్రకటన నొక్కిన ఏడు రోజుల్లోపు, కేవలం చూసినా ఒక రోజులోపు జరిగిన కొనుగోలును తమ ఖాతాలో వేసుకుంటారు. రెండు సంస్థల నివేదికలు కూడితే వచ్చిన మనుషుల కంటే ఫలితాలే ఎక్కువ తేలడం మామూలే.

సంఘం స్టాలు, వాట్సాప్

షికాగో ప్రాంతంలో తెలుగు సంఘాల వేడుకలకు కొదవ లేదు. 2017లో నాట్స్ సంబరాలు షామ్‌బర్గ్ కన్వెన్షన్ సెంటర్‌లోనే జరిగాయి. సావనీరులో పేజీ, వేదిక వెనక బ్యానరు, భోజనాల పక్కన స్టాలు ఇక్కడి తెలుగు వ్యాపారులందరికీ తెలిసిన దారులు. మన దుకాణం 200 డాలర్ల స్టాలు పెట్టి, ఉగాది కోడ్ చెప్పినవాళ్లకు పది శాతం తగ్గింపు ఇచ్చింది. కోడ్ అయిదుగురు వాడారు. వాళ్ల ఫోన్ నంబర్లు చూస్తే నలుగురు పాతవాళ్లే. పూర్తి ధరకు కొనేవాళ్లకు తగ్గింపు ఇచ్చి, దాన్ని ప్రకటన ఫలితంగా రాసుకున్నట్టయింది. ఒక్క కొత్త కుటుంబానికి 200 డాలర్లు.

దీన్నిబట్టి స్టాలు దండగ అనడం తొందరపాటే. సంఘంలో నలుగురితో ఉండడానికి, పేరు వినిపించడానికి డబ్బిస్తే అది చందా పద్దులో రాసుకోవాలి. కొత్త గిరాకీ పద్దులో రాస్తే ఆ పద్దు ఎప్పటికీ నష్టంలోనే కనిపిస్తుంది.

ఎక్కడ విన్నారని అడిగితే అన్నిటికంటే ఎక్కువమంది చెప్పేది వాట్సాప్, లేదా ‘మా పక్కింటివాళ్లు చెప్పారు’. దీన్ని పెంచడానికి డబ్బు పోసినా పెద్దగా పెరగదు. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికి మించి పట్టరు, వాళ్లలోనూ దుకాణం నంబరును ఫోన్‌లో దాచుకున్నవాళ్లకే సందేశం చేరుతుంది. అందుకే బిల్లు ఇచ్చేటప్పుడు ‘నంబరు సేవ్ చేసుకోండి’ అనడం ఏ ప్రకటనకూ తీసిపోదు. అదే మెనూను అనుమతి తీసుకోకుండా మామూలు టెక్స్ట్ మెసేజీలుగా గుంపుగా పంపించే సేవలో పెడితే వేరే చిక్కు. ఫెడరల్ చట్టం కింద ఒక్కో మెసేజీకి 500 డాలర్ల చొప్పున దావా వేయవచ్చు.

పోల్చేటప్పుడు జరిగే పొరపాటు

చాలా దుకాణాలు ప్రకటన వేసిన నెలను కిందటేడు అదే నెలతో పోలుస్తాయి. తెలుగు వ్యాపారానికి ఇది తప్పుదారి పట్టిస్తుంది. ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. పండుగ ఆర్డర్లు మార్చిలోకి జరిగిపోవడంతో 2025 మార్చిలో వేసిన ఏ ప్రకటనైనా బ్రహ్మాండంగా పని చేసినట్టే కనిపించి ఉంటుంది. 2024లో దీపావళి అక్టోబరు చివర్లో, 2025లో అక్టోబరు 20న వచ్చింది. పండుగకు ముందు మూడు వారాలను మూడు వారాలతో పోల్చాలి. జనవరి మంచు తుపానులో పోయిన శనివారాన్ని లెక్కలోంచి తీసేయాలి. రూట్ల పరీక్షకు ఈ బెడద లేదు, ఉగాదీ మంచూ ఎనిమిది రూట్లకూ ఒకేసారి వస్తాయి.

ఈ లెక్కలన్నీ చూశాక మన దుకాణం తర్వాతి త్రైమాసికంలో పాత కార్డును ఆపింది, స్టాలు ఖర్చును చందా పద్దుకు మార్చింది. గూగుల్‌లో తన పేరును మినహాయింపు పదాల్లో చేర్చి, ట్రేల ప్రచారానికి 400 కేటాయించింది. అంతకంటే పెంచినా లాభం లేదు. షామ్‌బర్గ్ చుట్టుపక్కల నెలకు ఆంధ్రా కేటరింగ్ కోసం వెతికేవాళ్లు కొద్దిమందే, ఆ పైన డబ్బు ‘ఇండియన్ ఫుడ్’ లాంటి వెడల్పాటి మాటలకు పోతుంది. మిగిలిన 800 డాలర్లలో 320తో, కుటుంబ సమేతంగా ఆదివారం భోజనం అని మార్చి రాసిన కార్డును కిందటిసారి వదిలేసిన రూట్లలో రెండింటికి వేసవిలో పంపి చూస్తారు. తక్కిన 480 ఖర్చు పెట్టలేదు.